30 హెక్స్‌కు ఎంత రౌండ్ బార్ తీసుకోవాలి?

బెంగళూరు పీణ్యాలో చిన్న మిల్లింగ్ షెడ్లలో పనిచేసే మనవాళ్లకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. డ్రాయింగ్‌లో షడ్భుజి తల ఉంటుంది, ఎదురెదురు ముఖాల మధ్య దూరం 30 మి.మీ. అని రాసి ఉంటుంది. దీన్నే షాపులో ఎ.ఎఫ్. అంటారు. రాక్‌లో 32 రౌండ్ బార్ ఉంది, 36 ఉంది. స్టీలు కొట్టుకు ఫోన్ చేస్తే 35 కూడా దొరుకుతుంది అంటారు. 30 హెక్స్ కదా, 32 సరిపోతుంది అనుకుని కోసేస్తే ఆరు ముఖాలూ చక్కగానే వస్తాయి, వెర్నియర్ పెడితే 30 చూపిస్తుంది. కానీ మూలలు మాత్రం ఉండవు. వాటి స్థానంలో బార్ పాత గుండ్రటి ఉపరితలం అలాగే మిగిలిపోయి ఉంటుంది.

ఎందుకలా అవుతుందో ఒక త్రిభుజం గీస్తే తేలిపోతుంది. కాగితం మీద షడ్భుజి గీసి మధ్యలో కేంద్రం పెట్టండి. కేంద్రం నుంచి ఒక ముఖం నడిమికి లంబంగా గీత గీస్తే, దాని పొడవు ఎ.ఎఫ్.లో సగం, అంటే 15 మి.మీ. అదే కేంద్రం నుంచి ఆ ముఖం చివర ఉన్న మూలకు ఇంకో గీత గీయండి. రెండో గీత ఎప్పుడూ మొదటి దానికంటే పొడవే. బార్ వ్యాసార్థం ఈ రెండో గీతను అందుకోవాలి. షడ్భుజిలో ఈ రెండు గీతల మధ్య కోణం 30 డిగ్రీలు. చదరంలో అది 45 డిగ్రీలు. కాబట్టి సగం ఎ.ఎఫ్.ను ఆ కోణపు కొసైన్‌తో భాగిస్తే మూల వరకు దూరం వస్తుంది. రెండు వైపులా కలిపితే ఇదీ లెక్క:

```
షడ్భుజి:  D = AF / cos 30° = AF × 1.1547
చదరం:    D = AF / cos 45° = AF × 1.4142
```

30 హెక్స్‌కు ఇది 34.64 మి.మీ. 30 చదరానికైతే 42.43 మి.మీ. భుజాలు పెరిగే కొద్దీ ఆకారం వృత్తానికి దగ్గరవుతుంది కాబట్టి అదనంగా కావలసిన లోహం తగ్గుతూ వస్తుంది. ఎనిమిది ముఖాలకు గుణకం 1.0824 మాత్రమే. ఇదే లెక్కను తిరగేస్తే చేతిలో ఉన్న బార్ నుంచి ఎంత పెద్ద హెక్స్ వస్తుందో కూడా తెలుస్తుంది. వ్యాసాన్ని షడ్భుజికి 0.866తో, చదరానికి 0.707తో గుణించాలి. 32 బార్ నుంచి పూర్తి మూలలతో వచ్చే హెక్స్ 27.7 మాత్రమే. రెండు గుణకాలూ చేతికి అలవాటైనవాళ్లు కూడా ఒక్కోసారి ఏది ఎటు వాడాలో తికమకపడతారు. బార్ వ్యాసం ఎప్పుడూ ఎ.ఎఫ్. కంటే ఎక్కువే రావాలన్నది గుర్తుంటే ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది.

ఇంకో తప్పు ఇంతకంటే ఖరీదైనది. షడ్భుజి భుజం పొడవును ఎ.ఎఫ్. అనుకోవడం. చదరంలో భుజం, ఎ.ఎఫ్. ఒకటే కాబట్టి అక్కడ ఏమీ కాదు. షడ్భుజిలో భుజం 30 అయితే ఎ.ఎఫ్. 51.96 అవుతుంది, బార్ 60 కావాలి. డ్రాయింగ్‌లో బాణాలు ముఖం నుంచి ముఖానికి ఉన్నాయా, మూల నుంచి మూలకు ఉన్నాయా, ఒకే ముఖం రెండు చివరలకు ఉన్నాయా అన్నది చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

సరే, 34.64 వచ్చింది. ఇప్పుడు 35 బార్ తెచ్చేయవచ్చా? చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. కానీ 34.64 అన్నది కొలత పిసరంత కూడా తగ్గని బార్‌కు, కేంద్రం వెంట్రుకవాసి కూడా జరగని చక్‌కు, కత్తిలాంటి పదునైన మూలకు వచ్చిన అంకె. నిజమైన షాపులో ఈ మూడింటిలో ఏదీ ఉండదు. అందుకే అసలు నిర్ణయం ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట మూల సంగతి. డ్రాయింగ్ నిజంగా పూర్తి మూల అడుగుతోందా? బోల్టుల విషయంలో దీనికి స్పష్టమైన జవాబుంది. ఎం20 బోల్టుకు ఐఎస్ఓ 4014 ప్రకారం తల ఎ.ఎఫ్. 30. ఎ గ్రేడ్‌లో అది 30.00 నుంచి 29.67 వరకు ఉండవచ్చు. మూల నుంచి మూలకు కనీసం 33.53 ఉండాలి అని అదే ప్రమాణం చెబుతుంది. ఈ 33.53 ఎక్కడిదంటే, అతి తక్కువ ఎ.ఎఫ్. అయిన 29.67ను 1.13తో గుణించినది. గణితం 1.1547 అంటుంటే ప్రమాణం 1.13తో సరిపెట్టుకోవడానికి కారణం, మూల కాస్త గుండ్రబడినా, కొద్దిగా కోసుకుపోయినా స్పానర్ పనికి ఇబ్బంది లేదన్న అవగాహన. అంటే ఎం20 స్పెషల్ బోల్టు చేస్తున్నప్పుడు 34.64 తప్పనిసరి కాదు, 33.53 తప్పనిసరి. ఈ రెండింటి మధ్య ఒక మిల్లీమీటరుకు పైగా తేడా ఉంది. బార్ ఎంపికలో అది పెద్ద వెసులుబాటు.

ఆ వెసులుబాటుకు హద్దు ఎక్కడో చూడాలంటే స్పానర్ ఎక్కడ పట్టుకుంటుందో ఆలోచించాలి. స్పానర్ దవడలకు, హెక్స్ ముఖాలకు మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. తిప్పగానే స్పానర్ కాస్త వాలి, ముఖం మొత్తాన్ని కాకుండా మూలకు దగ్గరగా ఉన్న అంచును నొక్కుతుంది. రెండు దవడలూ ఎదురెదురు ముఖాల మీద అలా చెరో అంచున నొక్కుతాయి కాబట్టి, ఆ రెండు బలాల మధ్య దూరం దాదాపు ముఖం వెడల్పు అంత. ముఖం ఎంత ఇరుకైతే అదే టార్క్‌కు అంచు మీద అంత ఎక్కువ ఒత్తిడి పడుతుంది.

ముఖం వెడల్పు కట్టడం తేలికే. బార్ వ్యాసం వర్గం నుంచి ఎ.ఎఫ్. వర్గం తీసేసి వర్గమూలం కడితే చాలు. ఈ సూత్రం మూలలు పూర్తిగా రానప్పుడు వాడాలి.

```
W = √(D² − AF²)
```

పూర్తి మూలలున్న 30 హెక్స్‌లో ముఖం 17.32 మి.మీ. 34 బార్ నుంచి చేస్తే 1156లోంచి 900 తీసేస్తే 256, దాని మూలం సరిగ్గా 16. ముఖం ఒకటిం పావు పైచిలుకు తగ్గింది, అంచు మీద బలం ఎనిమిది శాతం పెరిగింది. అది భరించదగినదే. అదే 32 బార్ అయితే 1024లోంచి 900 పోతే 124, మూలం 11.14. వ్యాసం ఇంకో రెండు మిల్లీమీటర్లే తగ్గినా పూర్తి ముఖంలో మూడో వంతుకు పైగా పోయింది, అంచు మీద బలం ఒకటిన్నర రెట్లు దాటింది. పైగా ఆ అంచు దాటగానే స్పానర్ జారడానికి గుండ్రటి ఉపరితలం సిద్ధంగా ఉంది. 32 బార్‌తో చేసిన తల ఎ.ఎఫ్. కొలతలో పాసై, బిగింపులో ఫెయిలవడానికి కారణం ఇదే. ఇన్‌స్పెక్షన్‌లో ఎ.ఎఫ్. ఒక్కటే చూసే అలవాటున్న చోట ఇలాంటి జాబ్ కస్టమర్ దాకా వెళ్లిపోతుంది.

మూల పూర్తిగా ఉండకపోవడమే సరైన చోట్లూ ఉన్నాయి. ట్యాప్ వెనక ఉండే చదరాన్ని గమనించండి. 10 మి.మీ. షాంక్ ఉన్న ట్యాప్‌కు 8 మి.మీ. చదరం ఉంటుంది. పూర్తి మూలల చదరం కావాలంటే షాంక్ 11.31 ఉండాలి. అక్కడ షాంక్ పదే, కాబట్టి మూలలన్నీ గుండ్రంగానే ఉంటాయి, ముఖం 6 మి.మీ. మాత్రమే వస్తుంది. ట్యాప్ హ్యాండిల్ చదరాన్ని అన్ని వైపులా కప్పి పట్టుకుంటుంది. అందుకే అక్కడ అది డిజైన్, లోపం కాదు. షాఫ్ట్ చివర చదరం అడిగిన డ్రాయింగ్‌లో షాఫ్ట్ వ్యాసం, చదరం కొలత రెండూ ఇచ్చి ఉంటే 1.414తో ఒకసారి గుణించి చూడండి. షాఫ్ట్ అంతకంటే చిన్నదైతే డిజైనర్ కావాలనే మూలలు వదిలేశాడన్నమాట. ఇక పెద్ద బార్ కోసం వెతకనక్కర్లేదు. ఒక్క కొలతే ఉండి, మూలల గురించి ఏమీ రాయకపోతే మాత్రం అడిగి తెలుసుకోవడమే మేలు.

ఇప్పుడు బార్ సంగతి. కొట్టులో 35 అని ఇచ్చిన బార్ 35 ఉండదు. బ్రైట్ బార్ అయితే కొలత పైకి పోదు, కిందికే పోతుంది. ఎక్కువగా దొరికే హెచ్11 టాలరెన్స్‌లో 35 బార్ 34.84 వరకు తగ్గవచ్చు. కొంచెం మెరుగైన హెచ్9 అయితే 34.94 దగ్గర ఆగుతుంది. బ్లాక్ బార్ కథ వేరు. వేడిగా రోల్ చేసినది కాబట్టి అర మిల్లీమీటరు అటూ ఇటూ మామూలే, కొంచెం కోడిగుడ్డు ఆకారంలో కూడా ఉంటుంది, పైన స్కేల్ పొర ఉంటుంది. ఆ స్కేల్ కింద కార్బన్ తగ్గిన మెత్తటి పొర ఉంటుంది కాబట్టి, తరువాత హీట్ ట్రీట్‌మెంట్ ఉన్న జాబ్‌లో మూల దగ్గర ఆ పొర మిగలకూడదు. అందుకే బ్లాక్ బార్ తీసుకుంటే ముందు లేత్ మీద శుభ్రంగా తిప్పి, ఆ తిప్పిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. ఏ బార్ అయినా ఒకే చోట కాకుండా రెండు మూడు దిక్కుల్లో కొలిచి, అన్నింటిలోకీ తక్కువగా వచ్చిన అంకెనే నమ్మాలి.

మూడోది కేంద్రం జరగడం. నా దృష్టిలో అందరూ తక్కువ పట్టించుకునేది ఇదే. బార్ కేంద్రం, డివైడింగ్ హెడ్ కేంద్రం ఒకటి కాకపోతే, హెక్స్ ఆ డివైడింగ్ హెడ్ కేంద్రం చుట్టూ కోసుకుంటుంది, లోహం మాత్రం ఒక పక్కకు జరిగి ఉంటుంది. జరిగిన వైపు మూలకు లోహం మిగులుతుంది, ఎదురు మూలకు కొరత పడుతుంది. కేంద్రం 0.1 జరిగితే కొరత పడిన మూల దగ్గర వ్యాసార్థం 0.1 తగ్గినట్టు, అంటే వ్యాసం 0.2 తగ్గినట్టు. జాబ్ మీద డయల్ పెట్టి ఒక చుట్టు తిప్పితే సూది కదిలే మొత్తం కూడా సరిగ్గా ఆ రెట్టింపే. కాబట్టి సగాలూ రెట్టింపులూ ఆలోచించే పనిలేదు, డయల్ మొత్తం కదలికను ఉన్నదున్నట్టు వ్యాసానికి కలిపేస్తే చాలు.

ఇవన్నీ ఎం20 బోల్టుకు పెట్టి చూద్దాం. బోల్టు ఈఎన్8లో కావాలి, కొన్ని పీసులే, కస్టమర్ మాత్రం మూలలు పూర్తిగా ఉండాలన్నాడు అనుకుందాం. ఎ.ఎఫ్. గరిష్ఠంగా 30 కాబట్టి మూలకు 34.64. బ్రైట్ హెచ్11 బార్ తరుగు 0.16. చక్‌లో డయల్ 0.10 చూపిస్తోంది. మొత్తం 34.90. అంటే 35 బార్ సరిపోతుంది, కానీ చేతిలో మిగిలేది 0.10 మాత్రమే. పాత మూడు దవడల చక్‌లో డయల్ 0.25 కొడుతుంటే 35.05 అవుతుంది, 35 బార్ చాలదు. అప్పుడు రెండు దారులున్నాయి. 36 బార్‌కు వెళ్లడం, లేదా చక్ సంగతి చూడడం. 36 బార్ మీటరుకు 8 కిలోలు, 35 బార్ 7.56 కిలోలు. వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే స్టీలు బరువు మీటరుకు కిలోల్లో వచ్చేస్తుంది, స్టీలు కొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లోనే కట్టుకోవచ్చు. కొన్ని పీసులకైతే మీటరుకు అరకిలో కూడా లేని ఈ తేడా కోసం టెన్షన్ పడడం కంటే 36 తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వందల పీసులైతే లెక్క మారుతుంది, అప్పుడు చక్ దవడలు సరిచేసుకోవడమే లాభం.

ఇంకో మాట. ఎ.ఎఫ్.ను 30.00 దగ్గర కాకుండా టాలరెన్స్ మధ్యలో, 29.84 దగ్గర పెట్టుకుంటే మూలకు 34.46 చాలు. ఒక్క పైసా ఖర్చు లేకుండా 0.18 కలిసివచ్చింది. 34.64తో లెక్కించింది బార్ కొనడానికి. 29.84 మెషీన్ మీద కోయడానికి. ఈ రెండూ వేరువేరుగా ఉంచుకోవాలి.

మెషీన్ మీద కోత లోతు, కొలిచిన బార్ వ్యాసంలోంచి ఎ.ఎఫ్. తీసేసి సగం చేసినది. బార్ 34.92 వచ్చిందనుకోండి, 29.84 తీసేస్తే 5.08, సగం 2.54. కట్టర్‌ను బార్ పైభాగానికి తాకించి 2.54 దించాలి. మొదటి ముఖం కోయగానే రెండోదానికి పోకుండా, ఆ ముఖం నుంచి ఎదురు గుండ్రటి భాగం వరకు మైక్రోమీటర్ పెట్టండి. 34.92లోంచి 2.54 పోతే 32.38 రావాలి. ఈ ఒక్క కొలతను దాటవేస్తే ఏమవుతుందంటే, మొదటి ముఖం లోతు పొరపాటున 2.70 పడి, రెండో ముఖం ఎ.ఎఫ్. చూసుకుంటూ 2.38తో సరిపెట్టినా వెర్నియర్ 29.84 అనే చూపిస్తుంది. కొలత సరే, హెక్స్ మాత్రం బోల్టు కాండం నడిమి నుంచి పక్కకు జరిగిపోయింది. 32.38 సరిగా వచ్చాక హెడ్‌ను సగం చుట్టు తిప్పి ఎదురు ముఖం కోయాలి, ఎ.ఎఫ్. కొలవాలి, తరువాతే మిగతా నాలుగూ. 40:1 డివైడింగ్ హెడ్‌లో ముఖం నుంచి పక్క ముఖానికి హ్యాండిల్ ఆరు చుట్లు, ఆపైన 18 రంధ్రాల వలయంలో 12 రంధ్రాలు. చదరానికి సరిగ్గా పది చుట్లు.

అయిపోయిన జాబ్‌ను చూసి ఎక్కడ తేడా వచ్చిందో చెప్పవచ్చు. మూలల దగ్గర కోత తగలని పాత ఉపరితలం సన్నటి పట్టీలా మెరుస్తుంటే, వాటి వెడల్పులను ఒకదానితో ఒకటి పోల్చండి. ఆరు పట్టీలూ ఒకే వెడల్పుంటే బార్ చిన్నది, అంతే. ఒక వైపు పట్టీ వెడల్పుగా ఉండి ఎదురు వైపు మూల పదునుగా ఉంటే కేంద్రం జరిగింది, లేదా పైన చెప్పిన మొదటి ముఖం లోతు పొరపాటు. ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్లోనే పట్టీ ఉండి మిగతా నాలుగూ బాగుంటే బార్ కోడిగుడ్డు ఆకారంలో ఉందేమో కొలవాలి. మూడు జతల ఎ.ఎఫ్. ఒకటే ఉన్నా ముఖాల వెడల్పులు మాత్రం తేడాగా ఉంటే రంధ్రాల లెక్క ఎక్కడో తప్పింది, కోణాలు 60 రాలేదు.

పట్టీ వెడల్పు నుంచి కొరత ఎంతో కూడా పట్టుకోవచ్చు. చదరంలో పట్టీ వెడల్పు, వ్యాసంలో పడిన కొరత దాదాపు సమానం. 20 చదరానికి 28.28 కావాలి, 28 బార్ వాడితే 0.28 కొరత, మూలల్లో కనబడే పట్టీ కూడా సుమారు 0.28. షడ్భుజి మూల అంతకంటే విశాలం కాబట్టి అక్కడ పట్టీ కొరతకు 1.73 రెట్లు ఉంటుంది. 30 హెక్స్‌కు 34 బార్ వాడితే 0.64 కొరతకు 1.1 మి.మీ. పట్టీ వస్తుంది. అందుకే అంతే కొరత చదరంలో కంటికి ఆనకపోయినా హెక్స్‌లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ నిష్పత్తి చిన్న కొరతలకే పనికొస్తుంది. 32 బార్ లాంటి చోట పట్టీ 5 మి.మీ. దాటిపోతుంది, అక్కడ నేరుగా ముఖం వెడల్పు సూత్రమే వాడాలి.

పట్టీ కనబడగానే జాబ్ రిజెక్ట్ అనుకోనక్కర్లేదు. మూల నుంచి ఎదురు మూలకు మైక్రోమీటర్ పెట్టండి. ఎం20 బోల్టు తలకు అది 33.53 కంటే ఎక్కువుంటే ప్రమాణం ప్రకారం పాస్. 34 బ్రైట్ బార్ హెచ్11 తరుగుతో 33.84 వరకు తగ్గినా ఇంకా 0.31 మిగిలి ఉంటుంది. కస్టమర్ పూర్తి మూల అడగకపోతే 34 కూడా న్యాయమైన ఎంపికే. కాకపోతే అన్ని కొట్లలోనూ 34 దొరకదు, ముందే అడిగి ఉంచుకోవాలి. ఈ కొలత పెట్టేటప్పుడు మూలల మీద బర్ర్ లేకుండా చూసుకోండి. మిల్లింగ్ తరువాత అంచున లేచే సన్నటి బర్ర్ మైక్రోమీటర్‌లో నూరవ వంతులు కలిపి చూపించి, ఫెయిలైన మూలను పాస్ చేయించగలదు.

ఎ.ఎఫ్. 30 హెక్స్ బార్ కావలసిన గ్రేడ్‌లో నేరుగా దొరికితే ఈ లెక్కంతా అవసరం రాదు. మీటరుకు సుమారు 6.12 కిలోలే, మిల్లింగ్ లేదు, లేత్ మీద కాండం తిప్పుకుంటే చాలు. కానీ ఆ గ్రేడ్ హెక్స్‌లో దొరకకపోయినా, నాలుగు పీసుల కోసం పూర్తి పొడవు కొనాల్సి వచ్చినా, జాబ్‌లో హెక్స్ కంటే లావైన భాగం ఇంకొకటి ఉన్నా రౌండ్ బార్ తప్పదు. చివరి సందర్భంలో బార్ కొలతను ఆ లావు భాగమే నిర్ణయిస్తుంది. అది మూల కొలత కంటే పెద్దదిగా ఉందో లేదో ఒక్క గుణకారంతో చూసుకోవాలి. ఉదాహరణకు 30 హెక్స్ పక్కన 34 కాలర్ ఉంటే కాలర్‌ను చూసి బార్ కొనకూడదు, అక్కడ మూలే పెద్దది.